ఈ ఏగాన్ ఏ ఏగాన్? టార్గేరియన్ల గద్దె గొడవ ఒక్క కాయితం మీద

మా ఊళ్ళో నలుగురు సుబ్బారావులు ఉండేవాళ్ళు, ఎవరూ ఎప్పుడూ కన్ఫ్యూజ్ అయ్యేవాళ్ళు కాదు. ఎందుకంటే ఉత్త సుబ్బారావు అని ఎవరూ పిలవరు కదా, చెరువుగట్టు సుబ్బారావు, పోస్టాఫీసు సుబ్బారావు, రంగమ్మ గారి సుబ్బారావు అని పిలుస్తారు. హౌస్ ఆఫ్ ది డ్రాగన్ చూస్తూ మా తమ్ముడు ప్రతి పది నిమిషాలకీ పాజ్ కొట్టి "ఈ ఏగాన్ ఏ ఏగాన్ రా అన్నయ్యా" అని అడుగుతుంటే నాకు గుర్తొచ్చింది అదే. నువ్వు పేర్లు బట్టీ పట్టకు, ఈయన ఎవరి కొడుకు, గద్దె మీద హక్కు అమ్మ వైపు నుంచి వచ్చిందా నాన్న వైపు నుంచి వచ్చిందా అది ఒక్కటి చూడు అని ఒక కాయితం తీసి గీసి చూపించా. ఆ కాయితమే ఇక్కడ రాస్తున్నా. సిరీస్‌లో ఇంకా చూపించనివి కూడా చెప్పేస్తా, ఎందుకంటే ఫైర్ అండ్ బ్లడ్ అనే పుస్తకం 2018లోనే వచ్చేసింది, చివర ఏమవుతుందో తెలీకుండా చూడాలనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోండి.

ముందు మనం కలిపేసుకునే మూడు విషయాలు విడదీసుకోవాలి. ఒకటి హౌస్, అంటే ఇంటిపేరు అనుకోండి. రెండోది టైటిల్, అంటే పదవి. మూడోది క్లెయిమ్, అంటే గద్దె నాది అని అడగడానికి ఉన్న ఆధారం. ఇవి మూడూ ఒకే మనిషి దగ్గర ఉండాలని రూలేం లేదు. ఈ సిరీస్‌లో గద్దె నాదనే యువరాణి రెనీరా, ఆమె పెద్ద కొడుకు జేకేరిస్‌నే చూడండి, ఇంటిపేరు వెలారియన్, ఎందుకంటే నాన్న (కాయితం మీద నాన్న) లేనోర్ వెలారియన్. కానీ ఐరన్ థ్రోన్, అంటే రాజు గద్దె, దాని మీద అతని క్లెయిమ్‌కీ ఆ ఇంటిపేరుకీ సంబంధం లేదు, అది మొత్తం అమ్మ నుంచి వస్తుంది. పెళ్ళి మాట్లాడుకునేటప్పుడు సిరీస్‌లో రెండు కుటుంబాలూ ఇదే బేరం పెట్టుకుంటాయి, పిల్లలు వెలారియన్లుగా పెరుగుతారు, గద్దె ఎక్కే రోజు మాత్రం టార్గేరియన్ అవుతారు అని. చాలామంది ఆ డైలాగ్ పట్టించుకోకుండా దాటేస్తారు, అసలు కిటుకంతా అందులోనే ఉంది.

టైటిల్ సంగతి తొందరగా చెప్పేస్తా. హ్యాండ్, వార్డెన్, మాస్టర్ ఆఫ్ షిప్స్ ఇవన్నీ ఉద్యోగాలు, రాజు ఇస్తాడు, రాజు తీసేస్తాడు. గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే, ప్రిన్స్ ఆఫ్ డ్రాగన్‌స్టోన్. తర్వాత రాజు ఎవరో వాళ్ళకి ఇచ్చే పేరు అది. మన యువరాజు పట్టాభిషేకం లాంటిది, అంటే పుట్టగానే ఆటోమేటిక్‌గా రాదు, రాజు ప్రకటించాలి. ప్రకటించాక కూడా రాజు పోయిన రోజు అది నిలబడుతుందా లేదా అనేది వేరే సంగతి, ఆ వేరే సంగతే మొత్తం కథ.

ఇంక క్లెయిమ్. ఈ కథ జరిగే దేశం వెస్టెరోస్‌లో మామూలు లార్డుల ఇళ్ళల్లో నడిచే ఆచారం ఏంటంటే, ముందు కొడుకులు వయసు వరసలో, కొడుకుల్లేకపోతే కూతురు, కూతురు కూడా లేకపోతే అప్పుడు చనిపోయినాయన తమ్ముడు. అంటే కొడుకు కంటే కూతురు వెనక, కానీ బాబాయి కంటే కూతురు ముందు. ఈ రెండో సగం గట్టిగా గుర్తుపెట్టుకోండి. డార్న్ అనే పక్క రాజ్యంలో మాత్రం ఆడా మగా తేడా లేదు, పెద్ద సంతానం ఎవరైతే వాళ్ళదే, కానీ అప్పటికి డార్న్ ఇంకా ఐరన్ థ్రోన్ కింద లేదు కాబట్టి మన కథకి పనికిరాదు.

సో సింపుల్‌గానే ఉంది కదా, మరి ఎక్కడ చెడింది? టార్గేరియన్లు ఇదే రూల్ పాటించి ఉంటే యుద్ధమే లేదు. వాళ్ళేం చేశారంటే కుర్చీ ఖాళీ అయిన ప్రతిసారీ అప్పటికి ఏది వీలైతే అది చేసి, తర్వాత అదే రూల్ అన్నారు.

కాయితం పైన ఏగాన్ ది కాంకరర్‌ని పెట్టండి. ఆయన గెలిచినప్పటి నుంచే వాళ్ళ సంవత్సరాల లెక్క మొదలు, కాబట్టి 101 అంటే ఏగాన్ గెలిచాక 101వ ఏడు అన్నమాట. ఆయన తర్వాత పెద్ద కొడుకు ఈనిస్, ఈనిస్ పోయాక అతని పెద్ద కొడుకు రావాలి, కానీ ఈనిస్ తమ్ముడు మేగోర్ వచ్చి లాక్కున్నాడు, అన్న కొడుకుని చంపేశాడు కూడా. ఆ చనిపోయిన కుర్రాడి పేరు కూడా ఏగానే, అయ్యో అనకండి, మనం పేర్లు చూడట్లేదు. ఆ కుర్రాడికి ఇద్దరు కవల ఆడపిల్లలు ఉన్నారు, అదీ మనకి కావాల్సింది. మేగోర్ 48లో చచ్చిపోయాక మామూలు ఆచారం ప్రకారం ఆ కవలల్లో పెద్దపిల్ల ఏరియాకి రావాలి గద్దె. ఆమె అప్పటికి చిన్నపిల్ల, రాజ్యం రగులుతోంది, అందుకని ఆమె బాబాయి జహేరిస్ ఎక్కాడు. అతనికి అప్పటికి 14 ఏళ్ళు. పెద్దగా ఎవరూ గొడవ చెయ్యలేదు, ఎందుకంటే మేగోర్ పీడ వదిలితే చాలు అనుకున్నారు జనం. కానీ చూడండి, కూతురి కంటే బాబాయి ముందు వచ్చేశాడు. కాయితం మీద అక్కడ ఎర్ర పెన్నుతో ఒక చుక్క పెట్టండి.

ఆ జహేరిస్ 55 ఏళ్ళు ఏలాడు, మంచి రాజు, 13 మంది పిల్లలు. 13 మందినీ గీయక్కర్లేదు, చిన్నప్పుడే పోయినవాళ్ళనీ సన్యాసినులు అయిపోయినవాళ్ళనీ వదిలెయ్యండి. ఇక్కడ జనం చేసే తప్పే అది, నెట్‌లో దొరికే పెద్ద వంశవృక్షం పోస్టర్ డౌన్‌లోడ్ చేసి అందులో ఎనభై మొహాలు చూసి తల పట్టుకుంటారు. మనకి కావాల్సింది ఇద్దరు కొడుకులు. పెద్దవాడు ఏమన్, రెండోవాడు బేలన్. ఏమన్‌కి ఒక్కతే కూతురు రేనిస్. బేలన్‌కి ఇద్దరు కొడుకులు, విసెరిస్, డేమన్. అంతే, ఈ ఐదుగురు చాలు, మొత్తం గొడవ ఈ ఐదుగురిలోంచే పుట్టింది.

92లో ఏమన్ ఒక యుద్ధంలో బాణం తగిలి పోయాడు, తండ్రి ఇంకా బతికే ఉన్నాడు. ఇప్పుడు వారసుడు ఎవరు? పెద్దకొడుకు కూతురు రేనిస్‌కి అప్పటికే పెళ్ళయ్యింది, మొగుడు కోర్లిస్ వెలారియన్, దేశంలోకెల్లా పెద్ద నౌకాదళం ఆయనది. మామూలు ఆచారం చూస్తే ఆమెదే. జహేరిస్ మాత్రం రెండో కొడుకు బేలన్‌ని ప్రిన్స్ ఆఫ్ డ్రాగన్‌స్టోన్ చేశాడు. రాణి అలిసాన్‌కి ఎంత కోపం వచ్చిందంటే మొగుణ్ణి వదిలేసి వెళ్ళి వేరేగా ఉంది కొన్నాళ్ళు. కోర్లిస్ కౌన్సిల్లో పదవి వదిలేసి పోయాడు. నాకు ఇక్కడ జహేరిస్ మీద కొంచెం జాలేస్తుంది, కూతురి కంటే బాబాయి ముందు కాదు అంటే తను కూర్చున్న కుర్చీ కూడా ప్రశ్న అయిపోతుంది కదా, 48లో ఆయన ఎక్కిందే ఆ దారిలో.

రెండో ఎర్ర చుక్క పెట్టారా? సరే. 101లో బేలన్ కూడా పోయాడు, కడుపులో ఏదో పగిలి. ముసలి రాజు బతికే ఉన్నాడు, ఇద్దరు కొడుకులూ లేరు. ఈసారి ఆయన సొంతంగా తేల్చలేదు, హారెన్‌హాల్ కోటలో దేశంలోని లార్డులందరినీ పిలిచి మీరే చెప్పండి అన్నాడు. అదే గ్రేట్ కౌన్సిల్. 14 మంది క్లెయిములు వచ్చాయి, చాలావరకు ఉత్తవే. చివరికి పోటీ పెద్దకొడుకు శాఖకీ రెండో కొడుకు శాఖకీ మిగిలింది. సిరీస్‌లో ఇది రేనిస్‌కీ విసెరిస్‌కీ మధ్య జరిగినట్టు మొదటి సీన్‌లో చూపిస్తారు, పుస్తకంలో కొంచెం తేడా, రేనిస్‌ని ఆడది అని ముందే పక్కన పెట్టేస్తారు, అసలు పోటీ ఆమె ఏడేళ్ళ కొడుకు లేనోర్‌కీ విసెరిస్‌కీ. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ చాలా పెద్దది. సిరీస్ ప్రకారం అయితే ఆడవాళ్ళు ఎక్కకూడదు అని మాత్రమే తేలింది. పుస్తకం ప్రకారం అయితే ఆడవాళ్ళు ఎక్కకూడదు, ఆడవాళ్ళ ద్వారా వాళ్ళ మగపిల్లలకి కూడా హక్కు రాదు అని తేలింది. లేనోర్ మగపిల్లాడే కదా, పెద్ద శాఖ వాడే కదా, అయినా ఓడిపోయాడంటే కారణం హక్కు అమ్మ నుంచి రావడమే అని చాలామంది అర్థం చేసుకున్నారు.

లార్డులు అసలు అదే ఉద్దేశంతో ఓటేశారా అంటే చెప్పలేం. ఏడేళ్ళ పిల్లాడి కంటే పాతికేళ్ళ మగాడు నయం అనుకుని వేసినవాళ్ళు ఉంటారు, కోర్లిస్ మరీ బలిసిపోతాడని భయపడి వేసినవాళ్ళు ఉంటారు. కానీ తీర్పుకి కారణాలు రాయలేదు, ఫలితం ఒక్కటే మిగిలింది, దాంతో తర్వాత వచ్చినవాళ్ళు ఎవరికి కావాల్సిన కారణం వాళ్ళు తగిలించుకున్నారు. ఆడదారి మొత్తం మూసేసినట్టే అని చెప్పుకోవడం చాలామందికి బాగా పనికొచ్చింది.

ఇది చదివితే మనకి విడ్డూరంగా అనిపించాలి నిజానికి. కాకతీయ గణపతిదేవుడికి కొడుకుల్లేకపోతే కూతురు రుద్రమని కూర్చోబెట్టాడు, శాసనాల్లో రుద్రదేవ మహారాజు అని మగపేరే కనిపిస్తుంది ఆమెకి, ఆమె తర్వాత వచ్చిన ప్రతాపరుద్రుడు ఆమె కూతురు ముమ్మడమ్మ కొడుకు. హారెన్‌హాల్ లెక్కలో ఇద్దరూ అవుట్. సామంతుల్లో ఆవిడ మీద తిరగబడినవాళ్ళు ఉన్నారనుకోండి, అది వేరే.

కథలోకి వద్దాం. 103లో జహేరిస్ పోయాడు, విసెరిస్ రాజయ్యాడు. ఒక్కసారి ఆగి ఈయన ఏ ఆధారంతో కూర్చున్నాడో చూసుకోండి, 92లో పెద్దన్న కూతుర్ని పక్కన పెట్టారు కాబట్టి, 101లో ఆడదారి వద్దన్నారు కాబట్టి. ఆ రెండు నిర్ణయాల మీద నిలబడి ఉన్నాడు ఆయన. ఆయనకి బతికిన సంతానం ఒక్కతే కూతురు, రెనీరా. 105లో రాణి ఏమా కాన్పులో పోయింది, పుట్టిన కొడుకు కూడా ఒక్కరోజే బతికాడు. ఆడదారి లేదన్న లెక్కలో అప్పుడు వారసుడు తమ్ముడు డేమన్. ఆ డేమన్ ఒక సానికొంపలో తాగి కూర్చుని, పోయిన పసివాణ్ణి ఒక్కరోజు వారసుడు అని వెటకారం చేశాడని రాజుకి తెలిసింది. అంతే, కోపంతో తమ్ముణ్ణి వెళ్ళగొట్టి కూతుర్ని ప్రిన్సెస్ ఆఫ్ డ్రాగన్‌స్టోన్ చేసి, లార్డులందరితో ఆమె ముందు మోకరించి ప్రమాణం చేయించాడు.

తన హక్కుకి ఆధారమైన రూల్‌ని తనే కోసేసుకున్నాడు చూడండి. కూతురు ఎక్కొచ్చు అంటే మరి రేనిస్ ఎందుకు ఎక్కలేదు అని ఎవడైనా అడగొచ్చు, కానీ రాజు ముందు ఎవడు అడుగుతాడు. సరే అది కూడా నడిచిపోయేదేమో, ఆయన ఊరుకుంటే. మరుసటేడు అలిసెంట్ హైటవర్‌ని పెళ్ళి చేసుకున్నాడు, 107లో కొడుకు పుట్టాడు, ఏగాన్. మా కాయితంలో ఇతను అలిసెంట్ గారి ఏగాన్. తర్వాత హెలీనా, ఏమండ్, డేరాన్. ఇప్పుడు పాత మామూలు ఆచారం ప్రకారం చూసినా కొడుకు ముందు, కూతురు వెనక. అంటే రెనీరాకి రూలు బలం ఏ వైపు నుంచీ లేదు, నాన్న మాట ఒక్కటే ఉంది, లార్డుల ప్రమాణం ఒక్కటే ఉంది.

ఇక్కడ నేను విసెరిస్‌ని మాత్రం క్షమించలేను. కొడుకు పుట్టాక ఆయన 22 ఏళ్ళు బతికాడు. ఆ 22 ఏళ్ళల్లో ఇంకొక గ్రేట్ కౌన్సిల్ పిలిచి 101 తీర్పుని అధికారికంగా కొట్టేయించొచ్చు, లేదా కొడుకు పుట్టాక మళ్ళీ ఒకసారి అందర్నీ పిలిచి ప్రమాణం చేయించొచ్చు, ఎందుకంటే 105లో మోకరించిన లార్డుల్లో చాలామంది పోయి వాళ్ళ కొడుకులు వచ్చారు, నాన్న చేసిన ప్రమాణం నన్ను పట్టుకుంటుందా అని వాళ్ళకి డౌటు. ఇవేవీ చెయ్యలేదు. నా మాట నా మాటే అని కూర్చున్నాడు, విందులు చేశాడు, అందరూ కలిసి ఉండాలి అన్నాడు. మన మహాభారతంలో ధృతరాష్ట్రుడు గుర్తొస్తాడు నాకు, పోలిక పూర్తిగా కుదరదు గానీ, ఇంట్లో రెండు గుంపులు కత్తులు నూరుతుంటే వినబడనట్టు కూర్చున్న పెద్దాయన అనే వరకు కుదురుతుంది.

ఆయన చేసిన తెలివైన పని ఒకటి ఉంది, అది చాలామంది గమనించరు. 114లో రెనీరాని లేనోర్ వెలారియన్‌కి ఇచ్చి చేశాడు. లేనోర్ ఎవరు? 101లో ఓడిపోయిన ఆ ఏడేళ్ళ పిల్లాడు. అంటే వాళ్ళకి పుట్టే బిడ్డలో ఓడిన పెద్ద శాఖా గెలిచిన రెండో శాఖా కలిసిపోతాయి, ఇంక రేనిస్ తరఫున ఎవరూ నోరెత్తలేరు. కాయితం మీద రెండు గీతలు కలిసి జేకేరిస్ దగ్గర ముడి పడతాయి, గీసుకుంటే ఎంత అందంగా ఉంటుందో.

కానీ ఆ ముగ్గురు పిల్లలూ లేనోర్ పోలికలతో పుట్టలేదు, గోధుమరంగు జుట్టు, హార్విన్ స్ట్రాంగ్ అనే నైట్ పోలికలు. ఆ పుకారు ఎవరిని ఎక్కడ కొడుతుందో విడదీసి చూడాలి, ఎందుకంటే ఇక్కడే ఎక్కువమంది తికమక పడతారు. పిల్లలు రెనీరా కన్నవాళ్ళే, దాంట్లో ఎవరికీ అనుమానం లేదు, కాబట్టి రెనీరా సొంత హక్కుకి దాంతో వచ్చే నష్టం సున్నా. జేకేరిస్ రక్తం కూడా టార్గేరియన్ రక్తమే. కానీ వెస్టెరోస్‌లో అక్రమ సంతానానికి వారసత్వం లేదు, కాబట్టి రెనీరా తర్వాత ఎవరు అనే ప్రశ్న లేస్తుంది, కలిసిన రెండు గీతల్లో లేనోర్ గీత ఊడిపోతుంది. అన్నిటికంటే గట్టి దెబ్బ డ్రిఫ్ట్‌మార్క్‌లో తగులుతుంది. అది వెలారియన్ల దీవి, రెండో పిల్లాడు లూసెరిస్‌కి ఇస్తామన్నారు, ఆ పిల్లాడిలో వెలారియన్ నెత్తురు చుక్క లేకపోతే ఇంక అతనికి అక్కడ ఏం హక్కు. అందుకే వేమండ్ వెలారియన్ దర్బారులో అంత గొంతు చించుకుంటాడు, అతను ఐరన్ థ్రోన్ గురించి మాట్లాడట్లేదు, తన ఇంటి గురించి మాట్లాడుతున్నాడు. తల పోయిందనుకోండి పాపం, లాజిక్ మాత్రం కరెక్టే.

అందుకే రెనీరా వైపు వాళ్ళు లేనోర్ అక్క లేనా కూతుళ్ళు బేలా, రేనా ఇద్దర్నీ జేకేరిస్‌కీ లూసెరిస్‌కీ కుదిర్చారు. నాన్న వైపు నుంచి రాని వెలారియన్ నెత్తురు పెళ్ళాం వైపు నుంచి తర్వాతి తరానికి వచ్చేస్తుంది కదా, అతుకు వేసినట్టు. ఆ సీన్ చూసి పిల్లల ప్రేమ కథ అనుకున్నాడు మా తమ్ముడు.

129లో విసెరిస్ పోయాడు. ఇప్పుడు కాయితం ముందు పెట్టుకుని ఒక్కో రూల్ వేసి చూద్దాం, ఎవరొస్తారో. రాజు ఎవర్ని పెడితే వాళ్ళే అనే రూల్ వేస్తే రెనీరా. మామూలు లార్డుల ఆచారం విసెరిస్ దగ్గర నుంచి మొదలుపెట్టి వేస్తే కొడుకు ముందు కాబట్టి అలిసెంట్ గారి ఏగాన్. హారెన్‌హాల్ తీర్పు వేసినా అతనే. ఇక్కడిదాకా అందరికీ తెలుసు. కానీ అదే మామూలు ఆచారాన్ని విసెరిస్ దగ్గర కాకుండా ముసలి జహేరిస్ దగ్గర నుంచి మొదలుపెట్టండి, పెద్దకొడుకు ఏమన్, ఆయన లేడు, ఆయన కూతురు రేనిస్, ఆమె 129లో బతికే ఉంది. అంటే ఇద్దరూ కాదు, రేనిస్! గ్రీన్ పార్టీ, అంటే అలిసెంట్ గారి ఏగాన్ వైపు వాళ్ళు కొడుకు ముందు, అది మన పెద్దల ఆచారం అని గంభీరంగా చెప్తుంటే నవ్వొచ్చేది అందుకే, ఆ ఆచారాన్ని నిజంగా మొదటి నుంచీ పాటిస్తే విసెరిసే రాజు కాదు, విసెరిస్ రాజు కాకపోతే అతని కొడుకు ఎక్కడ. రెనీరా వైపు ఉన్న బ్లాక్ పార్టీకి కూడా అదే ఇబ్బంది, రెనీరాని పెట్టిన రాజు మాట చెల్లాలంటే ముందు ఆయన రాజు అవ్వాలి, ఆయన రాజు అయ్యింది ఆడవాళ్ళు వద్దన్న తీర్పుతో.

మీరు ఏ సిరీస్ చూసినా సరే ఈ ఒక్కటి గమనించండి, రెండు పార్టీలూ గొడవ పడుతున్నప్పుడు ఏ రూల్ చెప్తున్నారు అనే దాని కంటే లెక్క ఎవరి దగ్గర నుంచి మొదలుపెడుతున్నారు అన్నది చూడండి. తమకి కలిసొచ్చే తాత దగ్గర ఆగిపోతారు. గేమ్ ఆఫ్ థ్రోన్స్‌లో రాబర్ట్ బరాతియన్ సుత్తి పట్టుకుని గెలిచి, తర్వాత హక్కు ఏదంటే మా నాయనమ్మ రేల్ టార్గేరియన్ ఆడపడుచు అని చెప్పించాడు, హారెన్‌హాల్ తీర్పు ప్రకారం నాయనమ్మ ద్వారా వచ్చేది చెల్లదు, ఆ రోజు ఆ తీర్పు ఎవరికీ గుర్తురాలేదు.

ఇదంతా రచయిత గాల్లోంచి తీసింది కాదు. ఇంగ్లాండ్‌లో మొదటి హెన్రీ ఒక్కగానొక్క సక్రమ కొడుకు 1120లో ఓడ మునిగి పోతే, కూతురు మటిల్డాకి లార్డులతో ప్రమాణం చేయించాడు. 1135లో హెన్రీ పోగానే మేనల్లుడు స్టీఫెన్ పరిగెత్తుకొచ్చి కిరీటం పెట్టేసుకున్నాడు, ప్రమాణం చేసినవాళ్ళలో అతనూ ఒకడు. అక్కడ ఇంకో తమాషా, స్టీఫెన్ హక్కు కూడా వాళ్ళమ్మ నుంచి వచ్చిందే. ఏళ్ళ తరబడి కొట్టుకుని 1153లో రాజీ పడ్డారు, స్టీఫెన్ బతికున్నంత కాలం అతనే రాజు, తర్వాత మటిల్డా కొడుకు అని.

మన కథ కూడా దాదాపు అలాగే తేలుతుంది. ఇద్దరి మధ్యా యుద్ధం నడిచి, రెనీరాని 130లో తమ్ముడి, అంటే అలిసెంట్ గారి ఏగాన్ డ్రాగన్ తినేసింది, 131లో ఆ తమ్ముణ్ణి సొంత మనుషులే విషం పెట్టి చంపారు. గద్దె ఎక్కింది రెనీరా కొడుకు ఏగాన్. ఇతను లేనోర్ కొడుకు కాదు, లేనోర్ పోయాక ఆమె సొంత బాబాయి డేమన్‌ని చేసుకుంది కదా (వాళ్ళకి వరసలు అడక్కండి), డేమన్‌కి పుట్టినవాడు. మా కాయితంలో రెనీరా గారి ఏగాన్. అందరూ చెప్పేది ఏంటంటే, చివరికి బ్లాక్స్ గెలిచారు, అమ్మ హక్కు కొడుక్కి వచ్చింది అని. ఒక్కసారి గ్రీన్స్ రూలే వేసి చూడండి. ఆడదారి పూర్తిగా వదిలెయ్యండి. విసెరిస్ కొడుకులు ముగ్గురూ పోయారు, వాళ్ళకి మగపిల్లలు మిగల్లేదు. కాబట్టి విసెరిస్ తమ్ముడి శాఖకి వెళ్ళాలి. తమ్ముడు డేమన్, అతను పోయాడు. డేమన్ పెద్దకొడుకు? అదే ఏగాన్. అమ్మ పేరే ఎత్తకుండా కూడా అతనే వారసుడు! అదే గనక జేకేరిస్ బతికి ఉండుంటే ఈ లెక్కలో అతనికి చోటే లేదు, ఎందుకంటే అతని నాన్న గీత బేలన్ దాకా రాదు. అంతమంది చచ్చిన యుద్ధంలో రెండు రూల్స్‌కీ ఒప్పే పిల్లాడు మొదటి నుంచీ డ్రాగన్‌స్టోన్‌లో ఆడుకుంటూ ఉన్నాడు. సరిపోదన్నట్టు అలిసెంట్ గారి ఏగాన్ కూతురు జహేరాని ఇతనికే ఇచ్చి చేశారు, ఆ గీత కూడా వచ్చి కలిసింది.

ఈ పాయింట్ నాకు మూడోసారి చదివినప్పుడు తట్టింది, అది కూడా నేను చదివి కాదు, కాయితం మీద గీత గీస్తుంటే రెండు వైపుల నుంచీ ఒకే పేరు మీదకి వచ్చి ఆగింది. వాళ్ళలో వాళ్ళే పెళ్ళిళ్ళు చేసుకుంటారు కాబట్టి ఒక్క మనిషికి రెండు దార్లు ఉంటాయి, అందుకే ప్రతి పేరు పక్కనా అమ్మ పేరూ నాన్న పేరూ రెండూ రాసుకోమనేది, ఒక్కటే రాసుకుంటే సగం కథ పోతుంది.

మరి రెనీరా అంత కొట్లాడాక ఆడపిల్లల దారి తెరుచుకుందా అంటే, ఆ రెనీరా గారి ఏగాన్‌కి ఇద్దరు కొడుకులు, ముగ్గురు కూతుళ్ళు. కొడుకులు ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు ఏలి పిల్లల్లేకుండా పోయారు. 171లో వరసలో మిగిలింది పెద్ద కూతురు డేనా. లార్డులు రెనీరా రోజులు గుర్తుచేసుకుని వద్దన్నారు, బాబాయిని కూర్చోబెట్టారు. ఆ బాబాయి పేరు విసెరిస్, ఎవరి కొడుకంటే రెనీరా కొడుకే, చిన్నవాడు. ఆడపిల్ల కంటే బాబాయి ముందు అనే దారిలోనే గద్దె ఎక్కాడు ఆయన, 172లోనే పోయాడు. పక్కన పెట్టిన డేనాకి అప్పటికే పెళ్ళి కాకుండా పుట్టిన ఒక కొడుకు ఉన్నాడు, వాడి పేరు డేమన్, తర్వాత పెట్టుకున్న ఇంటిపేరు బ్లాక్‌ఫైర్. దానికి ఇంకో కాయితం కావాలి.